ఇంటి పని మిగిలి ఉండగా కాంట్రాక్టరుకు చివరి విడత నిలిపి రాసే ఉత్తరం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సొంత ఇల్లు కట్టించుకునేవారిలో చాలామంది చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకుని పనిని ఒక కాంట్రాక్టరుకో పెద్ద మేస్త్రికో అప్పజెప్పి, పునాదికి, శ్లాబుకు, ప్లాస్టరింగ్‌కు ఒక్కొక్క విడత చొప్పున డబ్బు చెల్లిస్తారు. తగవు సాధారణంగా చివరి విడత దగ్గరే మొదలవుతుంది. కాంట్రాక్టరు దృష్టిలో ఇల్లు పూర్తయినట్టే ఉంటుంది. యజమాని మేడ మీదికి వెళ్లి చూస్తే వాటర్ ప్రూఫింగ్ పడి ఉండదు, మెట్లకు రెయిలింగ్ ఉండదు. అటువంటి సమయంలో డబ్బు ఆపుతున్నామని, పని పూర్తికాగానే ఇస్తామని రాసే ఉత్తరం గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి వరకు తీసుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది కాబట్టి ఆ విధంగానే రాశాను.

ఆ ఉదాహరణ ఏమిటి?

శ్రీకాకుళం పట్టణంలో 1,500 చదరపు అడుగుల రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. సామాను, కూలీ అన్నీ కలిపి చదరపు అడుగుకు రూ. 1,900 చొప్పున ఒప్పందం, అంటే మొత్తం రూ. 28,50,000. ఇందులో తొంభై శాతం, అంటే రూ. 25,65,000 ఇదివరకే చెల్లించారు. మిగిలిన రూ. 2,85,000 ‘పని పూర్తిచేసి ఇల్లు అప్పజెప్పిన తరువాత’ ఇవ్వాలని ఒప్పందంలో ఉంది. సెప్టెంబరు మొదటి వారంలో కాంట్రాక్టరు వచ్చి ఆ మొత్తం అడిగాడు, అదనపు పనులకని విడిగా రూ. 38,000 కూడా కోరాడు. అప్పటికి నాలుగు పనులు మిగిలి ఉన్నాయి: మేడ మీద వాటర్ ప్రూఫింగ్, మెట్ల రెయిలింగ్, బయటి గోడలకు రెండో కోటు రంగు, పై అంతస్తులో స్విచ్ బోర్డుల బిగింపు.

పని మిగిలి ఉంటే చివరి విడత ఆపే హక్కు యజమానికి నిజంగా ఉందా?

ఉంది, అయితే దానికి హద్దులున్నాయి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం పరస్పర వాగ్దానాల గురించి చెప్పేటప్పుడు ఇల్లు కట్టడాన్నే ఉదాహరణగా తీసుకుంది. నిర్ణీత ధరకు ఒకరు మరొకరికి ఇల్లు కట్టిపెడతానని ఒప్పుకుంటే, కట్టడం అనే వాగ్దానం ముందు నెరవేరాలని, డబ్బిచ్చే వాగ్దానం ఆ తరువాతిదని 52వ సెక్షన్ కింద ఉన్న మొదటి ఉదాహరణ చెబుతుంది. మన ఒప్పందంలో మధ్య విడతలు ఉన్నాయి కాబట్టి వాటి వరస వేరుగా నడిచింది. చివరి విడతకు మాత్రం ‘అప్పజెప్పిన తరువాత’ అని స్పష్టంగా ఉన్నందువల్ల అక్కడ పని ముందు, డబ్బు తరువాత.

ఇక హద్దు సంగతి. అదే చట్టంలో 54వ సెక్షన్ కింద ఇంకొక ఉదాహరణ ఉంది. పరంజీ, కలప యజమాని సమకూర్చాలని ఒప్పుకుని, వాటిని ఇవ్వకపోతే పనివాడు పని చేయనక్కరలేదు. పైగా యజమానే నష్టపరిహారం ఇవ్వాలి. ఈ కాలానికి దీన్ని అన్వయించుకుంటే, టైల్స్ నేనే కొనిస్తానని చెప్పి కొనకుండా, టైల్స్ వేయలేదని డబ్బు ఆపడం కుదరదు. 53వ సెక్షన్ ఉదాహరణ మరీ సూటిగా ఉంటుంది: పనిచేయడానికి సిద్ధంగా ఉన్నవాడిని యజమానే అడ్డుకుంటే తప్పు యజమానిది. గేటుకు తాళం వేసి, లేబరును లోపలికి రానివ్వకుండా, పని పూర్తికాలేదని ఉత్తరం రాసినవారి పరిస్థితి ఇదే. అందుచేత ఉత్తరం రాయడానికి ముందు, మిగిలిన ప్రతి పనికీ మన వైపు నుంచి ఇవ్వవలసినది ఇచ్చామా లేదా అని చూసుకోవాలి. రంగు ఏదో ఇంకా చెప్పలేదా, రెయిలింగ్ డిజైన్ ఖరారు చేయలేదా అనేవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి గాని, తరువాత కాంట్రాక్టరు మొదట ఎత్తిచూపేవి ఇవే.

మొత్తం ఆపాలా, కొంత ఆపితే సరిపోతుందా?

ఒప్పందం ఏం చెబుతుందన్నది మొదట చూడాలి. మన ఉదాహరణలో చివరి విడత మొత్తం అప్పగింతతో ముడిపడి ఉంది కాబట్టి రూ. 2,85,000 ఆపడానికి ఆధారం ఉంది. ఒప్పందంలో అటువంటి మాట లేకుండా ‘చివరి విడత పది శాతం’ అని మాత్రమే ఉంటే, మిగిలిన పని విలువకు సరిపడా ఆపి, తక్కినది ఇవ్వడమే న్యాయంగాను, నిలబడేదిగాను ఉంటుంది.

ఆ విలువ ఊహించి చెప్పకూడదు, కొలిచి లెక్క కట్టాలి. మేడ వైశాల్యం 780 చదరపు అడుగులు, వాటర్ ప్రూఫింగ్‌కు మన ఊళ్లో ఇద్దరు పనివాళ్లు చెప్పిన ధర అడుగుకు రూ. 70 అనుకుంటే రూ. 54,600 అవుతుంది. రెయిలింగ్ 24 అడుగులు, అడుగుకు రూ. 1,100 చొప్పున రూ. 26,400. బయటి రంగు రెండో కోటు 1,800 చదరపు అడుగులు, రూ. 9 చొప్పున రూ. 16,200. స్విచ్ బోర్డులు, వాటి బిగింపు కలిపి రూ. 14,000. అన్నీ కలిపితే రూ. 1,11,200. మిగిలిపోయిన చిన్న పనికి కొత్తగా వచ్చే పనివాడు ఎప్పుడూ కొంచెం ఎక్కువే అడుగుతాడు కాబట్టి దీనిమీద నాలుగోవంతు, అంటే రూ. 27,800 కలుపుకుంటే రూ. 1,39,000. ఒప్పందం మౌనంగా ఉన్న సందర్భంలో ఆపవలసినది ఇంతే, తక్కిన రూ. 1,46,000 చెల్లించడం మంచిది. ఈ ధరలు ఉదాహరణ కోసం వేసుకున్నవి. మీ ఊరి ధరలను రాతపూర్వకంగా తెప్పించుకుని వాడాలి.

మొత్తం ఆపే హక్కు ఉన్నప్పటికీ దాన్ని ఒకే ముద్దగా పట్టుకుని కూర్చోవడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. చిన్న కాంట్రాక్టరు ఈ ఇంటి డబ్బుతోనే ఈ ఇంటికి సామాను తెస్తాడు. చేతిలో పైసా లేనివాడికి మొత్తం పని అయ్యాకే మొత్తం డబ్బు అంటే, అతను ఇంకొక చోట అడ్వాన్సు తీసుకుని అక్కడికి వెళ్లిపోతాడు. అందుకే కింద ఇచ్చిన నమూనాలో డబ్బును రెండు భాగాలు చేశాను: మేడ పని పూర్తయితే రూ. 1,00,000, తక్కిన మూడు పనులు పూర్తయితే రూ. 1,85,000. మొదటి భాగం ఇచ్చిన తరువాత కూడా రూ. 56,600 విలువైన పనికి ఎదురుగా రూ. 1,85,000 మన దగ్గరే ఉంటుంది కాబట్టి యజమానికి భయం లేదు.

పని మిగిలిపోవడం, పని బాగా చేయకపోవడం రెండూ ఒకటేనా?

కావు. రెండింటినీ ఒకే పేరాలో కలిపి రాయడం ఇటువంటి ఉత్తరాల్లో నేను తరచుగా చూసే బలహీనత. రెయిలింగ్ లేకపోవడం మిగిలిన పని. ఉందా లేదా అన్నది ఎవరు చూసినా ఒకటే చెబుతారు. స్నానాల గది గచ్చుకు వాటం సరిగా లేక నీళ్లు మూలన నిలవడం లోపం. దానిమీద వాదన జరుగుతుంది. చేస్తానన్న పనిని ఒప్పందం ప్రకారం చేయకపోతే, దాన్ని సరిచేయించడానికి అయ్యే ఖర్చు యజమానికి రావాలని 73వ సెక్షన్ కింద, ఇంటి మరమ్మతునే ఉదాహరణగా తీసుకుని, చట్టం చెబుతుంది. కాబట్టి లోపాలకు కూడా హక్కు ఉంది. అయితే ఉత్తరంలో వాటికి విడిగా ఒక పేరా ఇవ్వాలి. కలిపేస్తే, వాదన ఉన్న లోపాన్ని పట్టుకుని కాంట్రాక్టరు వాదనలేని మిగులు పనిని కూడా అనుమానంలో పడేస్తాడు.

గోడ మీద వెంట్రుకవాసి బీటలు, స్విచ్ బోర్డు చుట్టూ సిమెంటు మరకలు వంటివాటి కోసం లక్షలు ఆపడం సరికాదు. వాటిని జాబితాలో రాయవచ్చు గాని డబ్బుతో ముడిపెట్టకూడదు.

ఉత్తరం ఎలా ఉండాలి? ఒక నమూనా ఇవ్వగలరా?

ఉత్తరం రాసే ముందు కాంట్రాక్టరును పిలిచి ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరిగి చూడాలి. చేతిలో కాగితం పెట్టుకుని గది గదికీ రాసుకుని, చివర ఇద్దరూ సంతకాలు చేస్తే ఉత్తరానికి సగం బలం అక్కడే వస్తుంది. అతను సంతకం చేయనంటే, పిలిచిన తేదీ, వచ్చిన తేదీ, చేయనన్న సంగతి రాసుకుని, తేదీ పడేలా ఫోటోలు తీసుకోవాలి. మన ఉదాహరణకు సరిపోయే ఉత్తరం ఇలా ఉంటుంది.

శ్రీకాకుళం,
తేదీ: సెప్టెంబరు 8.

కాంట్రాక్టరు గారికి,

విషయం: మా ఇంటి నిర్మాణంలో మిగిలిన పనులు, చివరి విడత చెల్లింపు.

నమస్కారం. మన మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం మా ఇంటి నిర్మాణానికి మొత్తం రూ. 28,50,000 గాను ఇప్పటివరకు రూ. 25,65,000 మీకు చెల్లించాను. చివరి విడత రూ. 2,85,000 పని పూర్తిచేసి ఇల్లు అప్పజెప్పిన తరువాత చెల్లించాలని ఒప్పందంలో ఉంది. ఈ నెల 3వ తేదీన మీరు ఆ మొత్తాన్ని కోరగా, అదే రోజు మనమిద్దరం కలిసి ఇంటిని పరిశీలించాము. ఆ రోజు మనం సంతకం చేసిన జాబితా నకలు దీనితో జతచేస్తున్నాను.

ఆ జాబితా ప్రకారం ఇంకా మిగిలి ఉన్న పనులు ఇవి: మేడ మీద 780 చదరపు అడుగుల మేర వాటర్ ప్రూఫింగ్, నీళ్లు గొట్టాల వైపు పోయేలా వాటం, మెట్లకు 24 అడుగుల రెయిలింగ్, బయటి గోడలకు రెండో కోటు రంగు, పై అంతస్తులో ఎనిమిది స్విచ్ బోర్డుల బిగింపు. ఈ పనులు మిగిలి ఉన్నందువల్ల చివరి విడతను ప్రస్తుతానికి నిలిపి ఉంచుతున్నాను.

ఈ మొత్తాన్ని ఎగ్గొట్టాలన్న ఉద్దేశం నాకు లేదు. మేడ పని సెప్టెంబరు 25లోగా పూర్తిచేసి, 48 గంటలు నీళ్లు నిలిపి చూసినప్పుడు కింద ఎక్కడా చెమ్మ కనిపించకపోతే, ఆ పరీక్ష ముగిసిన మూడు రోజుల్లో రూ. 1,00,000 మీ బ్యాంకు ఖాతాకు పంపుతాను. తక్కిన మూడు పనులు అక్టోబరు 10లోగా పూర్తిచేసి, ఇద్దరం కలిసి చూసిన తరువాత ఏడు రోజుల్లో మిగిలిన రూ. 1,85,000 చెల్లిస్తాను. పనివాళ్లు ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు వరకు ఏ రోజైనా రావచ్చు. నీళ్లు, కరెంటు అందుబాటులో ఉంచుతాను. బయటి రంగు, రెయిలింగ్ డిజైన్ ఇదివరకే ఖరారు చేసి మీకు ఇచ్చాను.

స్నానాల గదిలో నీళ్లు నిలుస్తున్న విషయాన్ని కూడా ఆ రోజు మీకు చూపించాను. దాన్ని సరిచేయవలసిందిగా కోరుతున్నాను.

మీరు కోరిన అదనపు పనుల బిల్లు రూ. 38,000 గురించి విడిగా మాట్లాడుకుందాము. దాని లెక్కలు, కొలతలు పంపండి.

పై తేదీల్లోగా పని మొదలుపెట్టి పూర్తిచేయలేని పక్షంలో, మరొక ఏడు రోజుల నోటీసు ఇచ్చి, ఆ పనులను వేరేవారితో చేయించి, అయిన ఖర్చును రసీదులతో చూపి, చివరి విడతలో మినహాయించుకుని మిగిలినది మీకు చెల్లిస్తాను. పని ఆలస్యమైనందువల్ల నాకు కలిగిన నష్టాన్ని కోరే హక్కును ఈ ఉత్తరం వల్ల వదులుకోవడం లేదు.

ఇట్లు,
(యజమాని సంతకం)

‘నాకు సంతృప్తి కలిగిన తరువాత ఇస్తాను’ అని రాస్తే సరిపోదా?

ఆ మాట రాయవద్దు. షరతు ఎదుటివాడు నెరవేర్చగలిగినదై ఉండాలి, నెరవేరిందో లేదో మూడోమనిషికి కూడా తెలియాలి. సంతృప్తి యజమాని మనసులో ఉంటుంది. దాన్ని ఎవరూ కొలవలేరు. అటువంటి షరతు పెట్టిన ఉత్తరాన్ని చూసి ఏ మధ్యవర్తి అయినా, యజమానికి డబ్బివ్వాలని లేదేమోననే అనుకుంటాడు. దానికి బదులు ఒక్కొక్క పనికీ ఒక పరీక్ష చెప్పాలి. రెయిలింగ్‌కు పొడవు, గట్టిగా ఊపితే కదలకపోవడం. స్విచ్ బోర్డుకు ప్రతి పాయింటూ వెలగడం.

మేడకు నీళ్లు నిలిపి చూడడమే సరైన పరీక్ష. వర్షం నీళ్లు పోయే గొట్టాల మూతులను గుడ్డలతో బిగించి, అవసరమైన చోట చిన్న గట్టు కట్టి, సుమారు రెండు అంగుళాల లోతు నీళ్లు 48 గంటలు ఉంచాలి. ఆ తరువాత కింది గదుల సీలింగు, పిట్టగోడ మొదలు, గొట్టం శ్లాబును దాటే చోటు జాగ్రత్తగా చూడాలి. కారుడు ఎక్కువగా మొదలయ్యేది ఈ మలుపుల దగ్గరే గాని శ్లాబు మధ్యలో కాదు. నీళ్లు వదిలేశాక మేడ మీద ఎక్కడ మడుగులు నిలిచాయో సుద్దముక్కతో గీత గీసి ఫోటో తీసుకుంటే వాటం సంగతి కూడా తేలిపోతుంది. కొత్తగా వేసిన పూత పూర్తిగా ఆరకముందే ఈ పరీక్ష చేస్తే పూతే పాడవుతుంది కాబట్టి, ఎన్ని రోజులు ఆగాలో ఆ సామాను డబ్బా మీద ఉన్న సూచనల ప్రకారం నడుచుకోవాలి. నమూనా ఉత్తరంలో తేదీలు పెట్టేటప్పుడు ఈ ఆరే రోజులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

గడువు ఎంత ఇవ్వడం సమంజసం?

పని చేయడానికి నిజంగా పట్టే రోజులకు కొంత కలిపి ఇవ్వాలి. మూడు రోజుల్లో అన్నీ పూర్తిచేయాలని రాస్తే అది గడువు కాదు, నెపం అవుతుంది. మన ప్రాంతానికి సంబంధించి రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది తుపానుల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. అక్టోబరు, నవంబరు నెలల్లో మేడ మీద పని, బయటి రంగు పని నిలకడగా సాగుతాయని అనుకోలేము. అందువల్ల ముందు మేడ పని, తరువాత తక్కినవి అనే వరసే మంచిది. వానల వల్ల పోయిన రోజులను గడువులో కలుపుతామని ఒక వాక్యం చేర్చినా నష్టం లేదు.

రెండవది పనివాళ్లు ఊళ్లకు పోయే రోజులు. సంక్రాంతి వారంలో పని జరగదు. విజయనగరంలో దసరా వెళ్లిన తరువాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో అక్కడ మేస్త్రి దొరకడం కష్టం. గడువు చివరి తేదీ ఆ రోజుల్లో పడకుండా చూసుకోవాలి.

‘మిగిలినది ఇస్తాను’ అని రాసి ఇస్తే అది రేపు నా మీదికే రాదా?

ఈ భయం చాలామందికి ఉంటుంది, అది పూర్తిగా అర్థంలేనిదీ కాదు. పని చేయించుకున్నందుకు ఇవ్వవలసిన సొమ్ము కోసం దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. ఆ కాలం దాటకముందే బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసిన కాగితం ఇస్తే, ఆ సంతకం చేసిన రోజు నుంచి కాలపరిమితి మళ్లీ మొదలవుతుందని 1963 కాలపరిమితి చట్టంలోని 18వ సెక్షన్ చెబుతుంది. చెల్లించే సమయం ఇంకా రాలేదని రాసినా, ఇప్పుడు ఇవ్వనని రాసినా, అందులోంచి మినహాయింపు కోరినా కూడా అది ఒప్పుకోలు కావచ్చునని అదే సెక్షన్ వివరణలో ఉంది. మన ఉత్తరం సరిగ్గా ఆ కోవలోనిదే.

అయినా రాయమనే నేను చెబుతాను. ఇవ్వవలసిన డబ్బు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవాడికి కాలపరిమితి పెరగడం వల్ల పోయేది ఏమీ లేదు. దానికి బదులుగా, తాను మాట తప్పలేదని, డబ్బు ఎందుకు ఆగిందో మొదటి రోజు నుంచే చెప్పానని చూపించే కాగితం చేతిలో ఉంటుంది. జాగ్రత్త పడవలసినది ఎంత ఒప్పుకుంటున్నామన్న దగ్గర. తేలని అదనపు పనుల బిల్లును కూడా కలిపి ‘మీకు రావలసిన రూ. 3,23,000’ అని రాస్తే, తెలియకుండా రూ. 38,000 ఒప్పుకున్నట్టే అవుతుంది. నమూనాలో ఆ బిల్లును వేరే పేరాలో పెట్టి, లెక్కలు పంపమని మాత్రమే అడిగింది అందుకే.

ముహూర్తం దగ్గరపడింది. పని మిగిలి ఉండగానే గృహప్రవేశం చేస్తే పని ఒప్పుకున్నట్టు అవుతుందా?

గృహప్రవేశం చేసినంత మాత్రాన మిగిలిన పనిని వదులుకున్నట్టు కాదు. కాని ఆలస్యం సంగతి వేరు. గడువు కీలకమైన ఒప్పందంలో, గడువు దాటిన తరువాత చేసిన పనిని యజమాని స్వీకరిస్తే, స్వీకరించే సమయంలోనే ‘ఆలస్యానికి పరిహారం కోరతాను’ అని తెలియజేయకపోతే, తరువాత ఆ పరిహారం కోరడానికి వీలుండదని ఒప్పందాల చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. అందువల్ల ఉత్తరం గృహప్రవేశానికి ముందే పంపాలి, అందులో హక్కు వదులుకోవడం లేదన్న వాక్యం ఉండాలి. ముహూర్తం ముందుగా నిర్ణయమై ఉంటే, ‘ఫలానా తేదీన ఇంట్లో చేరుతున్నాము, మిగిలిన పనులు మేము ఉండగానే చేయవచ్చు’ అని ఒక వాక్యం కలపాలి. చేరిన తరువాత పనివాళ్లు వచ్చినప్పుడు ఇబ్బందిగా ఉందని వెనక్కి పంపితే, పైన చెప్పిన 53వ సెక్షన్ మన మీదికి తిరుగుతుంది.

‘ముందు డబ్బిస్తేనే పని ముట్టుకుంటాను’ అని కాంట్రాక్టరు అంటే?

అతని ఇబ్బంది నిజమా కాదా అని ముందు వినాలి. సామానుకు డబ్బు లేదన్నది నిజమైన కారణమైతే, ఆ సామానును యజమానే దుకాణంలో నేరుగా కొనిచ్చి, బిల్లు మొత్తాన్ని చివరి విడతలో జమకట్టుకుంటానని ఇద్దరూ ఒక చీటీ మీద రాసుకోవచ్చు. డబ్బు చేతికి ఇవ్వడం కంటే ఇది ఎంతో మేలు. వాటర్ ప్రూఫింగ్ డబ్బాలు మేడ మీదికే వస్తాయి, మరొక సైటుకు పోవు. ఏ కారణమూ చెప్పకుండా మొత్తం ముందే కావాలంటే, ఒప్పందంలోని ‘అప్పజెప్పిన తరువాత’ అన్న మాటను ఎత్తిచూపుతూ రెండు వాక్యాల జవాబు రాస్తే చాలు. ఫోనులో వాదించినదంతా గాలికి పోతుంది.

లేబరు ఇంటికి వచ్చి తమ కూలి డబ్బులు అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?

‘బాబూ, మా కూలి మాకిప్పించండి, మీ గొడవ మీరు చూసుకోండి’ అని గుమ్మం ముందు నిలబడినవాళ్లను ఉత్త చేతులతో పంపడం ఎవరికైనా కష్టమే. వాళ్లలో చాలామంది పల్లెల నుంచి పనికోసం వచ్చినవాళ్లు. అయితే కాంట్రాక్టరుతో సంబంధం లేకుండా మనం ఇచ్చినది చివరి విడతలో తగ్గుతుందని అనుకోవడానికి లేదు. ముందుగా అతని చేత ‘ఫలానా పనివాళ్లకు ఇంత చెల్లించి నా విడతలో మినహాయించుకోండి’ అని వాట్సాప్‌లోనైనా రాయించుకుని, తరువాత ఒక్కొక్కరికీ ఖాతాలో వేసి, సంతకం తీసుకోవాలి. అతను ఒప్పుకోకపోతే, ఆ మాటను పనివాళ్లకే చెప్పి, అతన్ని కూడా పిలిపించి ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవడం మంచిది.

కాంట్రాక్టరు సెంట్రింగ్ రేకులు, మిక్సరు మా ఇంట్లోనే ఉన్నాయి. పట్టి ఉంచవచ్చా?

వద్దు. అవి అతని సొత్తు. పట్టుకుంటే తగవు స్వరూపమే మారిపోతుంది. జాబితా రాసి, సంతకం తీసుకుని ఇచ్చేయాలి.

రాతపూర్వక ఒప్పందమే లేదు. అయినా ఉత్తరం రాయవచ్చా?

రాయవచ్చు, నిజానికి అప్పుడు ఉత్తరం అవసరం ఇంకా ఎక్కువ. నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే, రుజువు చేయడమే కష్టం. బ్యాంకు ద్వారా పంపిన విడతలు, ఫోనులోని సందేశాలు, మేస్త్రి డైరీలో చేతిరాతతో ఉన్న ధరలు, ప్లాను మీద వేసిన గుర్తులు అన్నీ ఒకచోట చేర్చుకుని, ‘మనం మాట్లాడుకున్న ప్రకారం’ అని మొదలుపెట్టి ఆ షరతులను ఉత్తరంలోనే వివరంగా రాయాలి. కాంట్రాక్టరు వాటిని కాదనకుండా పనికి వచ్చినా, కాదని జవాబు రాసినా, ఏది ఒప్పుకున్నదో ఏది తగవులో ఉన్నదో తేలిపోతుంది. ఈ సందర్భంలో పైన చెప్పినట్టు మిగిలిన పని విలువ మేరకే ఆపడం శ్రేయస్కరం.

ఉత్తరం ఎలా పంపాలి?

చేతికిచ్చి నకలు మీద సంతకం తీసుకోవడం అన్నిటికంటే తేలిక. తీసుకోకపోతే పోస్టాఫీసు ద్వారా, చిరునామాదారుకు అందినట్టు రుజువు వచ్చే పద్ధతిలో పంపి రసీదు దాచుకోవాలి. ఇదే ఉత్తరం ఫోటోను వాట్సాప్‌లో కూడా పెట్టాలి. సంతకం ఒప్పందం చేసుకున్నవారిదే ఉండాలి. స్థలం భార్య పేరున ఉన్నా ఒప్పందం భర్త చేసుకుని ఉంటే భర్తే రాయాలి.

గడువు దాటినా పని జరగకపోతే ఏం చేయాలి?

ఉత్తరంలో చెప్పిన ఏడు రోజుల నోటీసు మొదట ఇవ్వాలి. ఆ తరువాత కొత్తవాళ్లు చేయి వేయకముందే ఉన్న పరిస్థితిని ఫోటోలు, వీడియోలతో నమోదు చేయాలి, వీలైతే సంబంధం లేని ఒక ఇంజనీరు చేత కొలతలు వేయించి సంతకం తీసుకోవాలి. కొత్త పనివాడు ఒక దెబ్బ కొట్టిన తరువాత పాత పని ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేరు. కనీసం ఇద్దరి దగ్గర ధరలు తీసుకుని, ఒప్పందంలో ఉన్న నాణ్యతకు సమానమైన పనే చేయించాలి. మామూలు ఇనుప రెయిలింగ్‌కు ఒప్పుకున్న చోట స్టీలు, గాజు పెట్టించి ఆ ఖర్చంతా మినహాయించుకోవడం చెల్లదు; నష్టాన్ని తగ్గించుకోవడానికి చేతనైన మార్గాలు ఉన్నాయా అన్నది కూడా చూడాలని 73వ సెక్షన్ వివరణ చెబుతుంది.

మన ఉదాహరణలో నాలుగు పనులకు కలిపి కొత్తవాళ్లకు రూ. 1,24,500 అయిందనుకుందాం. అప్పుడు కాంట్రాక్టరుకు ఇంకా రూ. 1,60,500 ఇవ్వవలసి ఉంటుంది. ‘వాడు వదిలేసి పోయాడు కదా’ అని ఈ మొత్తాన్ని మింగేయడానికి లేదు. రసీదుల నకళ్లతో లెక్క పంపి, ఆలస్యం వల్ల జరిగిన నష్టం ఏదైనా కోరదలచుకుంటే దాన్ని విడిగా చూపించాలి. ఒప్పందంలో రోజుకు ఇంత జరిమానా అని ఉన్నా, 74వ సెక్షన్ ప్రకారం ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే వస్తుంది గాని రాసుకున్నదంతా దానంతట అదే రాదు.

లెక్క మీద పేచీ వస్తే, కోర్టు మెట్లెక్కే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇది రెండు జిల్లాల్లోనూ ఉంది. దావా వేయకముందే తగవును లోక్ అదాలత్ ముందుకు తీసుకువెళ్లడానికి అక్కడ వీలుంది. ఇద్దరూ రాజీకి వస్తే అక్కడ ఇచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు ఉండదు. సంతకాలతో ఉన్న జాబితా, ఈ ఉత్తరం, అది అందిన రుజువు, కొలతలు పట్టుకుని వెళితే అక్కడ మాట తొందరగా తేలుతుంది.

పని పూర్తయింది. డబ్బు ఇచ్చేటప్పుడు ఏం రాసుకోవాలి?

మాట ఇచ్చిన తేదీకే ఇవ్వాలి. మూడు రోజులని రాసి మూడు వారాలు తిప్పుకుంటే మొదటి నుంచి డబ్బు ఎగ్గొట్టే ఆలోచనే ఉందన్న కాంట్రాక్టరు మాట నిజమవుతుంది. మళ్లీ ఇద్దరూ ఇల్లు తిరిగి చూసి, పాత జాబితాలో ఒక్కొక్క పని పక్కన ‘పూర్తయింది’ అని రాసి సంతకాలు చేయాలి. బ్యాంకు ద్వారా పంపి, ‘ఫలానా తేదీ ఉత్తరంలోని రెండో భాగం, చివరి విడత, రూ. 1,85,000 ముట్టినది’ అని రసీదు తీసుకోవాలి. అదనపు పనుల బిల్లు ఇంకా తేలకపోతే ఆ రసీదులోనే ‘అదనపు పనుల లెక్క మినహా’ అని చేర్చాలి. అది తేలి ఉంటే ‘ఈ ఇంటి పనికి సంబంధించి ఇక రావలసినది ఏమీ లేదు’ అని రాయించుకోవాలి. వాటర్ ప్రూఫింగ్‌కు, మోటారుకు, స్విచ్‌లకు వచ్చిన గ్యారంటీ కార్డులు, కరెంటు తీగలు, నీళ్ల గొట్టాలు గోడలో ఎటు వెళ్లాయో చూపే గీత కాగితం అదే రోజు అడిగి తీసుకోవాలి.